టీవీలో చోటు ఎక్కడికి పోయింది?

మ్యాచ్ ఏడున్నరకి. ఏడుంబావుకి టీవీ పెట్టి యాప్ తెరిస్తే, ముందు అప్‌డేట్ చేసుకోమంటుంది. సరేనని నొక్కితే స్టోరేజ్ చాలదంటుంది. పోనీ ఏదైనా తీసేద్దామని చూస్తే, ఏది తీయాలో, తీస్తే ఏమవుతుందో తెలియదు. టీవీ కొన్నప్పుడు బాగానే ఉంది, రెండేళ్లు తిరిగేసరికి ఇలా తయారైంది. మన ఇళ్లల్లో ఉన్న ముప్పై రెండు, నలభై మూడు అంగుళాల ఆండ్రాయిడ్ టీవీల్లో చాలావాటి కథ ఇదే. టీవీ పాడైపోయిందేమో, కొత్తది కొనాలేమో అనుకునేవాళ్లూ ఉన్నారు. చాలాసార్లు ఆ అవసరం ఉండదు. లోపల ఏం నిండిందో చూసి, తీయాల్సినవి సరైన వరసలో తీస్తే అదే టీవీ ఇంకొన్నాళ్లు హాయిగా నడుస్తుంది.

ఈ వ్యాసం ముఖ్యంగా ఆండ్రాయిడ్ టీవీ, గూగుల్ టీవీ అని పిలిచే సెట్ల గురించి. వీటిలో తక్కువ ధరవాటికి సాధారణంగా ఉండేది 8 జీబీ స్టోరేజ్. ఇబ్బంది అంతా అక్కడే మొదలవుతుంది.

ఎనిమిదిలో మనకి దక్కేదెంత?

పెట్టె మీద 8 జీబీ అని రాసి ఉన్నా అదంతా మనది కాదు. టీవీ నడవడానికి కావలసిన ఆండ్రాయిడ్ సిస్టమ్, కంపెనీవాళ్లు ఫ్యాక్టరీలోనే వేసి పంపిన యాప్‌లు, సిస్టమ్ అప్‌డేట్ల కోసం పక్కన పెట్టిన జాగా, ఇవన్నీ ముందే తమ వాటా తీసుకుంటాయి. 2020లో గూగుల్ తెచ్చిన క్రోమ్‌కాస్ట్ విత్ గూగుల్ టీవీలోనూ 8 జీబీయే ఉండేది. అందులో కొన్నవాళ్ల చేతికి వచ్చింది సుమారు 4.4 జీబీ. అదే గూగుల్ 2024లో తెచ్చిన గూగుల్ టీవీ స్ట్రీమర్‌లో 32 జీబీ పెట్టింది. ఎనిమిది సరిపోవడం లేదని దాన్నిబట్టే తెలుస్తోంది.

ఇల్లు అద్దెకిచ్చి, ఒక గదికి యజమాని తన సామానుతో తాళం వేసుకుని వెళ్లినట్టు ఉంటుంది ఈ ఏర్పాటు. తాళం వేసిన గది సిస్టమ్‌ది. అందులోకి మనం వెళ్లలేం, అక్కడున్నది తీయలేం. మనం వేసుకునే యాప్‌లు, వాటి అప్‌డేట్లు, అవి దాచుకునే బొమ్మలు, లాగిన్ వివరాలు అన్నీ మిగతా భాగంలోనే సర్దుకోవాలి. ఈ విభజన గుర్తుంటే, కొన్ని యాప్‌లకి Uninstall ఎందుకు కనపడదో, వాటినుంచి కూడా కొంత చోటు ఎలా రాబట్టవచ్చో తేలిగ్గా అర్థమవుతుంది.

ఇది చోటు సమస్యేనా?

టీవీ నెమ్మదించినప్పుడల్లా స్టోరేజ్ నిండిందనుకోకూడదు. మూడు వేర్వేరు ఇబ్బందులు ఒకేలా కనిపిస్తాయి. వీడియో మధ్యలో ఆగి, గుండ్రంగా తిరుగుతూ ఉంటే అది ఎక్కువసార్లు ఇంటర్నెట్ వల్ల. ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కి వెళ్లినప్పుడల్లా మొదటిది మళ్లీ మొదటినుంచి తెరుచుకుంటుంటే అది ర్యామ్ చాలకపోవడం. ఈ టీవీల్లో ర్యామ్ ఒక జీబీయో, ఒకటిన్నర జీబీయో ఉంటుంది. యాప్‌లు ఎన్ని తీసేసినా ర్యామ్ పెరగదు.

స్టోరేజ్ నిండిన గుర్తులు వేరు. యాప్‌లు అప్‌డేట్ కావు. కొత్త యాప్ డౌన్‌లోడ్ చివరిదాకా వచ్చి ఆగిపోతుంది. లాగిన్ చేసి పెట్టుకున్న యాప్ మర్నాటికి మళ్లీ నంబరు, ఓటీపీ అడగవచ్చు, ఎందుకంటే ఆ వివరం రాసుకోవడానికి దానికి చోటు దొరకలేదు. ఒక్కోసారి Storage space running out అని, కింద Some system functions may not work అని టీవీయే చెబుతుంది.

ఆ హెచ్చరిక ఎప్పుడు వస్తుందనే దానికి ఆండ్రాయిడ్‌లో ఒక లెక్క ఉంది. యాప్‌లకి వదిలిన భాగంలో ఐదు శాతం గానీ, 500 ఎంబీ గానీ, రెండింటిలో ఏది తక్కువైతే అంతకంటే ఖాళీ తగ్గినప్పుడు వస్తుంది. కంపెనీలు కోరితే దీన్ని మార్చుకోవచ్చు. నాలుగున్నర జీబీ ఉన్న టీవీలో ఐదు శాతమంటే సుమారు 225 ఎంబీ. అంటే హెచ్చరిక వచ్చేసరికే పరిస్థితి చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది. యాప్ అప్‌డేట్ అయ్యేటప్పుడు పాతది ఉండగానే కొత్తది దిగాలి, తర్వాత విప్పుకుని కుదురుకోవాలి. అందుకే వంద ఎంబీ యాప్‌కి వంద ఎంబీ ఖాళీ చాలదు, రెండు మూడింతలు ఉండాలి.

ముందు చూడాలి, తర్వాతే తీయాలి

రిమోట్ తీసుకుని Settings లోకి వెళ్లండి. గూగుల్ టీవీ అయితే System, అందులో Storage. కాస్త పాత ఆండ్రాయిడ్ టీవీ అయితే Device Preferences, అందులో Storage. అక్కడ Internal shared storage అని ఉన్నదాన్ని నొక్కితే వరసగా కొన్ని పేర్లు, వాటి పక్కన అంకెలు కనిపిస్తాయి. Apps అంటే యాప్‌లు మొత్తం తిన్నది. Cached data అంటే అవి తాత్కాలికంగా దాచుకున్నది. Downloads అంటే టీవీలోకి దించిన ఫైళ్లు. చివర Available అని ఉన్నదే ఇప్పుడు మిగిలిన ఖాళీ. చాలామంది ఈ పేజీ చూడకుండా నేరుగా క్యాచీ క్లియర్ చేయడం మొదలుపెడతారు. ఏది ఎక్కువ తిన్నదో తెలియకుండా తుడవడం వల్ల శ్రమే తప్ప పెద్దగా ఫలితం ఉండదు.

తెనాలిలో మా బాబాయి వాళ్లింట్లో టీవీ చూసినప్పుడు ఈ పేజీ విలువ బాగా తెలిసింది. ముప్పై రెండు అంగుళాల సెట్టు, 8 జీబీ. "ఎన్నిసార్లు తుడిపించినా నాలుగు రోజులకి మళ్లీ మామూలేరా, ఇక మార్చేద్దామనుకుంటున్నాం" అన్నాడు బాబాయి. తుడిపించడమంటే, వీధి చివర మొబైల్ షాపు కుర్రాణ్ణి పిలిచి క్యాచీ క్లియర్ చేయించడం. స్టోరేజ్ పేజీ తెరిస్తే యాప్‌లకి వదిలింది మొత్తం 4.6 జీబీ, మిగిలిన ఖాళీ 190 ఎంబీ. క్యాచీ 520 ఎంబీ. ఆ కుర్రాడు ప్రతిసారీ తుడిచింది ఈ ఐదువందల ఇరవయ్యే. యూట్యూబ్, హాట్‌స్టార్ రోజూ చూసే ఇంట్లో అది వారంలో మళ్లీ నిండుతుంది. అసలు బరువు మిగతా నాలుగు జీబీల్లో ఉంది.

ఆ పేజీలో ఇంకో అంకె కంటికి తగిలింది. Downloads దగ్గర 1.1 జీబీ. టీవీలో డౌన్‌లోడ్లా అని బాబాయి ఆశ్చర్యపోయాడు. పిన్నికే గుర్తొచ్చింది. "అమ్మాయి పెళ్లి వీడియో చిన్నోడు వాడి ఫోన్లోంచి పంపించాడు కదండీ, పెద్ద తెర మీద చూద్దామని." ఫోన్ నుంచి టీవీకి ఫైళ్లు పంపే Send files to TV అనే యాప్‌తో పంపాడు. ఆ యాప్‌ని తర్వాత ఎప్పుడో తీసేశారు. కానీ యాప్ తీసేసినంత మాత్రాన దానిద్వారా వచ్చిన ఫైలు పోదు, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోనే ఉండిపోతుంది. యాప్‌ల లిస్టులో ఎంత వెతికినా అది కనిపించదు. దాన్ని చేరుకోవాలంటే ఫైల్ మేనేజర్ యాప్ కావాలి. పెన్‌డ్రైవ్ పెట్టి వీడియోని అందులోకి కాపీ చేసి, కాపీ సరిగా ఆడుతోందో లేదో చూసుకుని, అప్పుడు టీవీలోంచి తీసేశాం. ఒక్క దెబ్బకి ఖాళీ 190 ఎంబీ నుంచి 1.29 జీబీకి వచ్చింది. పెళ్లి, పుట్టినరోజు వీడియోలు టీవీకి పంపే అలవాటున్న ఇళ్లల్లో ముందు చూడాల్సిన చోటు ఇదే.

వాడనివి తీయడం

తర్వాత Settings లో Apps, అందులో See all apps. ఒక్కో యాప్ మీద నొక్కితే దాని పేజీ తెరుచుకుంటుంది. Open, Force stop, Uninstall, Clear data, Clear cache అని ఉంటాయి. అది ఎంత చోటు తీసుకుందో కూడా అక్కడే ఉంటుంది.

ఆ లిస్టులో జియోసినిమా ఇంకా ఉంది. 2025 ఫిబ్రవరిలో జియోసినిమా, డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ కలిసి జియోహాట్‌స్టార్ అయ్యాయి. పాత హాట్‌స్టార్ యాప్ అప్‌డేట్‌తో కొత్త పేరు తెచ్చుకుంది. జియోసినిమా యాప్‌కి మాత్రం ఇక పని లేదు. అయినా అంతకుముందు వేసుకున్న టీవీల్లో అది తనంతట తాను పోదు. ఇక్కడ అది 170 ఎంబీ పట్టుకుని కూర్చుంది. దానితోపాటు సెలవులకి వచ్చిన పిల్లలు వేసుకున్న రెండు ఆటలు, కలిపి 400 ఎంబీ. ఒక సీరీస్ కోసం నెల రోజులు కట్టి ఆపేసిన ఓటీటీ, ఎవరూ తెరవని వార్తల యాప్, ఆ రెండూ కలిసి 190 ఎంబీ. వీటన్నిటికీ Uninstall నొక్కాం. ఖాళీ 2.05 జీబీ అయింది.

ఏది తీయాలో తేల్చుకోవడానికి సులువైన పద్ధతి, ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి లిస్టు పైకి చదవడం. "ఈటీవీ విన్ ఉంచమంటావా పిన్నీ?" అంటే, "అయ్యో, అది తియ్యకు, అందులో నా సీరియల్స్ ఉన్నాయి" అంది. ఒకరు వాడనిది ఇంకొకరు రోజూ చూసేది కావచ్చు. రిమోట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ఒక్కరే నిర్ణయించుకోకపోవడం మంచిది.

ఈ దశలో మూడు సంగతులు స్పష్టంగా తెలిసి ఉండాలి. హోమ్ స్క్రీన్ మీద యాప్ బొమ్మని కాసేపు నొక్కి పట్టుకుని, ఆ వరసలోంచి తీసేస్తే అది కంటికి కనపడదు గానీ యాప్ టీవీలోనే ఉంటుంది. ఒక్క ఎంబీ కూడా ఖాళీ కాదు. చోటు రావాలంటే Uninstall అనే మాట కనిపించాలి, నొక్కాక ఖాళీ అంకె పెరగాలి.

రెండోది, యాప్ తీసేస్తే చందా రద్దు కాదు. ఓటీటీకి యూపీఐ ఆటోపేనో, కార్డో పెట్టి ఉంటే డబ్బులు ప్రతి నెలా కట్ అవుతూనే ఉంటాయి. చందా ఆపాలంటే ఆ ఓటీటీ అకౌంట్‌లోకి వెళ్లి ఆపాలి. ఆటోపే అయితే ఫోన్లోని యూపీఐ యాప్‌లో కూడా చూసుకుని రద్దు చేసుకోవచ్చు.

మూడోది ఊరట కలిగించే సంగతి. ఓటీటీలో ఏ సినిమా ఎంతవరకు చూశారు, ఏవి తర్వాత చూద్దామని పెట్టుకున్నారు అనేవి టీవీలో కాదు, ఆ కంపెనీ సర్వర్లలో మీ అకౌంట్ పేరు మీద ఉంటాయి. కాబట్టి ఏడాదికోసారి వచ్చే టోర్నమెంట్ కోసమే ఉంచిన యాప్‌ని నిశ్చింతగా తీసేసి, కావలసినప్పుడు మళ్లీ వేసుకుని లాగిన్ అయితే అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. ఆటల సంగతి వేరు. ఏ అకౌంట్‌తోనూ కలపని ఆటలో పిల్లలు దాటిన లెవెల్స్ యాప్‌తోపాటే పోతాయి. వాళ్లకి చెప్పి తీయండి.

తీయడానికి వీల్లేని యాప్‌లు

కొన్ని యాప్‌ల పేజీలో Uninstall ఉండదు. దాని బదులు Uninstall updates అనో, Disable అనో ఉంటుంది. ఇవి కంపెనీ వేసి పంపినవి. చాలామంది ఇక్కడ ఆగిపోతారు, తీయలేం కాబట్టి చోటు రాదనుకుంటారు. నిజానికి ఇక్కడ మంచి అవకాశం ఉంది.

ఫ్యాక్టరీలో వేసిన యాప్ అసలు ప్రతి తాళం గదిలో, అంటే సిస్టమ్ భాగంలో ఉంటుంది. ఆ భాగాన్ని మామూలుగా మార్చడం కుదరదు. అందుకని ఆ యాప్‌కి ప్లే స్టోర్ నుంచి కొత్త వెర్షన్ వచ్చినప్పుడు అది పాతదాని స్థానంలో కూర్చోదు. మన భాగంలో ఇంకో పూర్తి ప్రతిగా దిగుతుంది. నడిచేది కొత్త ప్రతి, పాతది లోపల ఊరికే ఉంటుంది. ఒకే యాప్ రెండు చోట్ల రెండుసార్లు ఉన్నట్టు లెక్క. మనం ఎప్పుడూ తెరవని యాప్ అయినా సరే, అప్‌డేట్లు వస్తున్నంతకాలం మన చోటులోనే పెరుగుతూ ఉంటుంది.

బాబాయి టీవీలో అలాంటివి రెండు దొరికాయి. ఒకటి వాళ్లకి చందా లేని విదేశీ ఓటీటీ, రెండోది పాటల యాప్. మొదటిదాని అప్‌డేట్ 150 ఎంబీ, రెండోదానిది 90. Disable నొక్కితే, ఈ యాప్‌ని ఫ్యాక్టరీ వెర్షన్‌కి మార్చమంటారా, దీని డేటా అంతా పోతుంది అని అడిగింది. సరేనన్నాం. 240 ఎంబీ వెనక్కి వచ్చింది, ఖాళీ 2.29 జీబీకి చేరింది. లోపలి అసలు ప్రతి అలాగే ఉంటుంది. దాన్ని కదిలించలేం, కదిలించినా అది మన భాగం కాదు కాబట్టి మనకి చోటు కలిసి రాదు.

Uninstall updates మాత్రమే నొక్కి వదిలేస్తే ఏమవుతుంది? ఆ క్షణంలో చోటు వస్తుంది. ప్లే స్టోర్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆన్‌లో ఉంటే కొద్దిరోజుల్లో అదే అప్‌డేట్ మళ్లీ దిగుతుంది. Disable చేసిన యాప్‌కి అలా దిగదు. అందుకే వాడని ఫ్యాక్టరీ యాప్‌కి Disable సరైన మందు. ఎప్పుడైనా కావాలనుకుంటే అదే పేజీలో Enable నొక్కితే తిరిగి వస్తుంది.

అయితే లిస్టులో పేరు తెలియని ప్రతిదాన్నీ Disable చేయకూడదు. Google Play services, Google Play Store, Android System WebView, హోమ్ స్క్రీన్ నడిపే యాప్, తెర మీద కీబోర్డు, రిమోట్, హెచ్‌డీఎంఐకి సంబంధించినవి జోలికి వెళ్లొద్దు. వెబ్‌వ్యూని ఆపేస్తే కొన్ని యాప్‌లలో లాగిన్ పేజీ తెల్లగా ఉండిపోతుంది. ప్లే సర్వీసెస్ ఆగితే ఎన్నో యాప్‌లు తెరుచుకోగానే మూసుకుపోతాయి. ఓటీటీ, ఆట, పాటలు, వార్తలు అని అదేం చేస్తుందో మీకు కచ్చితంగా తెలిసిన యాప్‌నే ఆపండి. మిగతావి అలా ఉండనివ్వండి.

క్యాచీ వేరు, డేటా వేరు

ఇంత అయ్యాక క్యాచీ దగ్గరికి రావాలి. ఓటీటీ తెరిచినప్పుడు వరసలు వరసలుగా సినిమా పోస్టర్లు కనిపిస్తాయి కదా, అవి ప్రతిసారీ ఇంటర్నెట్ నుంచి తెచ్చుకోకుండా యాప్ ఒక కాపీ టీవీలో దాచుకుంటుంది. చూస్తున్న వీడియో ముక్కలు, ప్రకటనల బొమ్మలు కూడా కొన్ని అందులో చేరతాయి. అదే క్యాచీ. పోయినా నష్టం లేదు, మళ్లీ తెచ్చుకుంటుంది. తుడిచాక మొదటిసారి తెరిచినప్పుడు పోస్టర్లు కాస్త ఆలస్యంగా రావడం మామూలే.

ఇది ఎంత తేలిగ్గా పోతుందో అంత తేలిగ్గా వస్తుంది కూడా. మరీ చోటు తగ్గినప్పుడు ఆండ్రాయిడ్ తనంతట తానే పాత క్యాచీని కొంత తుడుచుకుంటుంది. అందుకని రోజూ క్యాచీ తుడుస్తూ కూర్చోవడంలో అర్థం లేదు. అప్‌డేట్ ఆగిపోయినప్పుడు వెంటనే కాస్త చోటు కావాలంటేనో, ఒక యాప్ పిచ్చిగా ప్రవర్తిస్తుంటేనో అది పనికొస్తుంది. పోస్టర్లు సగం సగం రావడం, యాప్ తెరవగానే నల్లతెర వచ్చి ఆగిపోవడం లాంటివి చాలాసార్లు ఆ ఒక్క యాప్ క్యాచీ తుడిస్తే పోతాయి. బాబాయి టీవీలో పెద్దవి రెండే చూశాం. యూట్యూబ్‌లో 140, జియోహాట్‌స్టార్‌లో 160 ఎంబీ తుడిచాం. ఖాళీ 2.59 జీబీ అయింది. మిగతా యాప్‌లలో ఐదూ పదీ ఎంబీలు ఉన్నాయి, వాటిని ముట్టుకోలేదు.

Clear cache పక్కనే Clear data ఉంటుంది. రిమోట్‌తో ఒక అడుగు అటూ ఇటూ అయితే దానిమీదే పడతాం. అది నొక్కితే యాప్ కొత్తగా వేసుకున్నప్పుడు ఎలా ఉంటుందో అలా అయిపోతుంది. లాగిన్, ప్రొఫైల్, భాష, సబ్‌టైటిల్ సెట్టింగులు అన్నీ పోతాయి. మళ్లీ ఫోన్ నంబరు కొట్టి ఓటీపీ తెచ్చుకోవాలి. ఆ నంబరు ఊళ్లో లేని కొడుకుదో కోడలిదో అయితే వాళ్లు ఫోన్ ఎత్తేదాకా టీవీ ఆగిపోతుంది. క్యాచీ తుడిచినా యాప్ దారికి రానప్పుడు మాత్రమే, పాస్‌వర్డు చేతిలో ఉంచుకుని, Clear data నొక్కండి. చోటు ఎక్కువ తిన్నది కదా అని ప్లే సర్వీసెస్ డేటా మాత్రం తుడవకండి. కాస్త చోటు వచ్చినా అది మళ్లీ నిండుతుంది, ఈలోగా అకౌంట్ ఇబ్బందులు మిగులుతాయి.

పని ముగిశాక టీవీని ఒకసారి రీస్టార్ట్ చేయాలి. రిమోట్ మీద పవర్ బటన్ ఊరికే నొక్కితే టీవీ నిద్రలోకి వెళుతుందే తప్ప పూర్తిగా ఆగదు. Settings లో System కిందో, About కిందో Restart ఉంటుంది. ఆ తర్వాత స్టోరేజ్ పేజీ మళ్లీ తెరిచి Available ఎంతుందో కాగితం మీద రాసుకోండి. నెల తర్వాత ఎంత తగ్గిందో పోల్చుకుంటే, తినేది క్యాచీయా, కొత్త యాప్‌లా, అప్‌డేట్లా అన్నది మీకే తెలుస్తుంది.

క్లీనర్లు, పెన్‌డ్రైవ్‌లు

ప్లే స్టోర్‌లో క్లీనర్ అనీ బూస్టర్ అనీ బోలెడు యాప్‌లు దొరుకుతాయి. ఒక్క నొక్కుతో అంతా శుభ్రం చేస్తామంటాయి. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి, బయటి యాప్ ఏదీ వేరే యాప్‌ల క్యాచీని నేరుగా తుడిచే వీలు లేదు. ఆ హక్కు సిస్టమ్‌కే ఉంది. కాబట్టి క్లీనర్ యాప్ చేయగలిగింది తక్కువ. పైగా అది తనకంటూ చోటు తీసుకుంటుంది, ప్రకటనలు చూపిస్తుంది. చోటు లేని టీవీలో ముందు తీయాల్సిన వాటిలో అదొకటి. దాని అవసరం లేకుండానే, కొత్త గూగుల్ టీవీల్లో Storage పేజీలో Free up storage అని ఉంటుంది. క్యాచీ తుడవడం, యాప్‌లు తీయడం రెండూ అక్కడే చేసుకోవచ్చు.

పెన్‌డ్రైవ్ పెట్టి స్టోరేజ్ పెంచుకోవచ్చని కూడా వినే ఉంటారు. కొన్ని ఆండ్రాయిడ్ టీవీల్లో అది నిజం. పెన్‌డ్రైవ్‌ని టీవీ సొంత స్టోరేజ్‌గా ఫార్మాట్ చేయమని సెట్టింగ్‌లో ఉంటుంది. చాలా సెట్లలో కంపెనీలు ఆ సదుపాయం తీసేశాయి. ఉన్నా దాని షరతులు తెలుసుకోవాలి. ఫార్మాట్ చేయగానే పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది. ఆ తర్వాత అది ఆ ఒక్క టీవీకే పనికొస్తుంది, కంప్యూటర్‌కి పెడితే ఫైళ్లు కనిపించవు. మధ్యలో పీకితే అందులోకి మార్చిన యాప్‌లు తెరుచుకోవు. అన్ని యాప్‌లూ అందులోకి వెళ్లవు. చవక పెన్‌డ్రైవ్ వేగం తక్కువ కాబట్టి యాప్‌లు నత్తనడక నడుస్తాయి. పెళ్లి వీడియోలు, పాటలు మామూలు పెన్‌డ్రైవ్‌లో ఉంచుకుని దాన్నుంచే చూడటం ఇంతకంటే మేలు.

వేరే టీవీలు ఉన్నవాళ్లకి

ఫైర్ టీవీ స్టిక్ వాడేవాళ్లకి దారి దాదాపు ఇదే. Settings లో Applications, అందులో Manage Installed Applications. అక్కడ ఒక్కో యాప్‌కీ Clear cache, Uninstall ఉంటాయి. శామ్‌సంగ్ టీవీలో Support కింద Device Care, అందులో Manage Storage దగ్గర యాప్‌లు, వాటి బరువు కనిపిస్తాయి. కంపెనీ వేసిన కొన్నిటిని అక్కడా తీయలేం. ఎల్‌జీ టీవీల్లో హోమ్ స్క్రీన్ మీద యాప్‌ల వరసని ఎడిట్ చేస్తూ వాడనివి తీసేయవచ్చు. ఆండ్రాయిడ్‌లోలాగా ఒక్కో యాప్ క్యాచీ విడిగా తుడిచే మెనూ అందులో ఉండదు. యాప్ మొండికేస్తే తీసేసి మళ్లీ వేసుకోవడమే దారి.

ఎంత ఖాళీ ఉంటే చాలు?

ఎనిమిది జీబీ టీవీలో ఎప్పుడూ ఒక జీబీ ఖాళీ ఉండేలా చూసుకోవడం నా లెక్కలో మంచి గురి. పెద్ద యాప్ ఒకటి అప్‌డేట్ కావడానికి, అదే సమయంలో క్యాచీ పెరగడానికి అది సరిపోతుంది. అరజీబీకి తగ్గిందంటే లిస్టు మళ్లీ ఒకసారి చదవాల్సిన వేళ అయిందని అర్థం.

వరస ఒక్కటి గుర్తుంచుకోండి. ముందు డౌన్‌లోడ్స్‌లో మిగిలిపోయిన ఫైళ్లు, తర్వాత వాడని యాప్‌లు, ఆపైన ఫ్యాక్టరీ యాప్‌ల అప్‌డేట్లు, చివరికి క్యాచీ. బాబాయి టీవీలో కలిసొచ్చిన 2.4 జీబీలో క్యాచీ వాటా 300 ఎంబీయే. మిగతాదంతా మొదటి మూడింటిలోంచి వచ్చింది, అవి మళ్లీ వాటంతట అవి నిండవు కాబట్టి ఆ ఖాళీ నిలిచింది.

దీనికీ ఒక హద్దుంది. ఓటీటీ యాప్‌లు ఏటికేడు బరువెక్కుతున్నాయి. మీకు నిజంగా కావలసిన యాప్‌లు మాత్రమే ఉంచుకున్నా ఖాళీ అరజీబీ దాటకపోతే, ఇక తీయడానికేమీ లేదని అర్థం. అప్పుడు కూడా టీవీ మార్చక్కర్లేదు. తెర బాగుంటే, ఎక్కువ స్టోరేజ్ ఉన్న స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి హెచ్‌డీఎంఐకి తగిలించుకుంటే యాప్‌లన్నీ అందులో నడుస్తాయి, టీవీ తెరగా పనిచేస్తుంది. ఎప్పుడైనా కొత్త టీవీ కొనే రోజు వస్తే, అంగుళాలతోపాటు స్టోరేజ్ ఎంత, ర్యామ్ ఎంత అని షాపులో గట్టిగా అడగండి. పదహారు జీబీకి తక్కువైతే ఇంకోటి చూపించమనండి.